ఒక్కో బిళ్ల ఒక్కసారే

ఆయన పోయాడని మొన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు చెప్పాడు. "పాత బస్సు కండక్టరు మామా, చిల్లర లెక్క చెప్పేవాడు, నీకు తెలుసంట కదా" అన్నాడు. తెలుసు. అన్నం తింటున్నవాణ్ణి తింటూనే ఉన్నాను. చనిపోయినవాళ్ల గురించి చెడుగా మాట్లాడకూడదంటారు. నేను మాట్లాడతాను. ఆయన కూడా నా గురించి మంచిగా మాట్లాడి ఉండడు, ఆ నమ్మకం నాకుంది.

ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. బస్సులో అందరూ కండక్టరప్ప అనేవాళ్లు. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు వంచి ఉండేవాడు. దవడలో ఎప్పుడూ ఒక లవంగం. ఆ బస్సుకు గంట ఉండేది గానీ ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. చేతిలో ఒక పావలా పట్టుకుని కిటికీ కడ్డీ మీద కొట్టేవాడు. ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఇంజను ఎంత అరిచినా డ్రైవరుకు ఆ పావలా చప్పుడు వినిపించేది.

ఇక ఆయన తోలు సంచి. లోపల అరలున్నాయి. సంచి వైపు చూడటం ఆయనకు నామోషీ. కళ్లు మన ముఖం మీద, బొటనవేలు సంచిలో. అణా బిళ్లకు అంచంతా వంకులు, బేడకు నాలుగు మూలలు, అణాలో నాలుగో వంతైన కానీ బిళ్లల్లో కొన్నిటికి నడుమ తూటు. వేలికి తగిలితే చాలు, అది ఏ బిళ్లో చెప్పేసేవాడు. చిల్లర అరచేతిలో పెట్టేటప్పుడు పెద్ద బిళ్ల మొదలు, చిన్న బిళ్ల చివర. పెట్టి, "సూసుకో, ఒక్కో బిళ్ల ఒక్కసారే" అనేవాడు. ఒకే రకం బిళ్ల రెండు ఇచ్చేవాడు చేతకానివాడని ఆయన సిద్ధాంతం. ఆదోనిలో ఏ అంగట్లోనైనా రెండు అణాలు చిల్లరగా ఇస్తే, "బేడ లేదా మీ ఇంట్లో" అని అడిగి మరీ వచ్చేవాడట.

నేను అప్పుడు ఆదోనిలో చదువుకునేవాణ్ణి. మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. సోమవారం పొద్దున ఆయన బస్సులో పోయి, మా చిన్నాయన గదిలో ఉండి, శనివారం మళ్లీ అదే బస్సులో వచ్చేవాణ్ణి. ప్రశ్నలు అడగటం నాకు ఒక జబ్బు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అప్పా, ఒకే బిళ్ల రెండుసార్లు ఇయ్యాల్సిన పని ఎప్పుడూ రాదా?"

ఆయన లవంగం ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకున్నాడు.

"సదువులప్పా, నేనొకటి అడుగుతా, నువ్వు సెప్పు. రూపాయి లోపల ఎవరు ఎంత అడిగినా నేను సరిగ్గా ఇయ్యాల. ఒక్క కానీ కూడా ఎక్కువ తక్కువ గాకూడదు. అట్లా ఇయ్యాలంటే నా సంచిలో తక్కువలో తక్కువ ఎన్ని బిళ్లలుండాల?"

రూపాయికి అరవైనాలుగు కానీలు. నేను వెంటనే అరవైమూడు కానీ బిళ్లలన్నాను. బస్సంతా నవ్వింది. "అరవైమూడు మోసేటట్టయితే నేను కండక్టరెందుకయితా, గాడిదనయితా" అన్నాడు. "శనివారం సెప్పు. సెప్పినావంటే ఆ పొద్దు నీకు టికెట్టు లేదు."

ఆ వారం నా చదువంతా అదే. రాత్రి పడుకుని కానీల్లో లెక్క వేసుకున్నాను. ఒక కానీ ఉండాలి, తప్పదు. రెండు కావాలంటే ఇంకో కానీ ఎందుకు, అర్ధణా వేసుకుంటే సరి. ఆ రెండూ కలిస్తే మూడు వస్తుంది. నాలుగుకు అణా కావాలి. అణా ఉంటే, వెనకటి రెండు బిళ్లలతో కలిపి ఏడు దాకా అన్నీ వచ్చేస్తాయి. ఎనిమిదికి బేడ, అక్కణ్నుంచి పదిహేను దాకా. పదహారుకు పావలా, ముప్పైఒకటి దాకా. ముప్పైరెండుకు అర్ధరూపాయి. మొత్తం కలిపితే అరవైమూడు. ఆరంటే ఆరే బిళ్లలు.

శనివారం చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు నీ ప్రశ్నకు నువ్వే సెప్పు. రెండుసార్లు ఎందుకియ్యను?" అది కూడా తట్టింది నాకు. రెండు కానీలు ఒక అర్ధణా. రెండు అర్ధణాలు ఒక అణా. రెండు అణాలు ఒక బేడ, రెండు బేడలు పావలా. ఏ బిళ్ల రెండైనా దాని పైది ఒకటి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి పెద్దదానితో మొదలుపెట్టి, పట్టినంత తీసేసి, మిగిలినదానికి దాని కింది బిళ్లకు దిగుతూ పోతే చాలు, అంతకన్నా తక్కువ బిళ్లలతో ఎవడూ ఇవ్వలేడు. చెప్పాను. టికెట్టు కొట్టలేదు ఆయన. డ్రైవరు వెనకున్న సీటులో కూర్చోబెట్టాడు. ఆ రోజు నాకు ఆయనంటే దేవుడే.

దాని తర్వాత ఏడాదికి నయాపైసలు వచ్చాయి.

రూపాయికి నూరు. ఒకటి, రెండు, ఐదు, పది బిళ్లలు కొత్తవి వచ్చాయి. పాతవి కూడా చెల్లుతాయన్నారు. సంచిలో అన్నీ కలిసిపోయాయి. అణా ఆరు నయాపైసలు, బేడ పన్నెండు, పావలా ఇరవైఐదు. అణా అంటే నిజానికి ఆరుంబావు. బిళ్ల ఒకటే ఇస్తే ఆ పావు ఎవరికీ పట్టదు. నాలుగు అణాలు ఒకచోట చేరితే నాలుగు పావులూ కలిసి ఒక నయాపైసా అవుతుంది. అందుకే నాలుగు అణాలు ఇరవైనాలుగు కాదు, ఇరవైఐదు. ఎనిమిది అణాలు యాభై. సర్కారువాళ్లు వేసిన ఈ లెక్కల పట్టీ బస్సులో డ్రైవరు వెనక అతికించి ఉండేది.

చదువు రానివాళ్లకు ఆ పట్టీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కండక్టరప్పకు అది పండగైంది. పెద్దకడుబూరు వైపు పల్లెల నుంచి వేరుశనగ మూటలతో ఎక్కే ఆడవాళ్లు దుడ్డు కొంగున కట్టుకుని వచ్చేవాళ్లు. అణాలు విడివిడిగా ఇస్తే ఆయన ఒక్కోదాన్ని ఆరు చొప్పున ఎంచేవాడు. ఎంచి, "తక్కువాయ" అనేవాడు. వాళ్లు ఇంకో బిళ్ల తీసేవాళ్లు. పైగా, "కొత్త లెక్క రానోళ్లు బస్సెక్కకూడదు" అని ఒక ఎగతాళి. జనం నవ్వేవాళ్లు. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను, ఆయన మాట తీరు అట్లా ఉండేది.

ఒక వారం పరీక్షలని నేను ఇంటికి పోలేదు. ఆ సోమవారం మా అవ్వ ఆ బస్సెక్కింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. మేం నేసిన తువ్వాళ్లు మూటగట్టుకుని ఆదోనిలో ఒక శెట్టి అంగడికి వేసేది, అక్కడ నూలు అప్పుగా తెచ్చేది. కాగితం లేదు, సంతకం లేదు. అవ్వ మాటే మాట. ఆ నూలు వస్తే మగ్గం ఆడుతుంది, మగ్గం ఆడితే మేం తింటాం, నేను చదువుతాను.

చార్జీ ఎనిమిది అణాలు. అవ్వ కొంగు విప్పి ఎనిమిది అణా బిళ్లలు ఇచ్చింది. ఆయన ఆరారు చొప్పున ఎంచి, "నలబై ఎనిమిది. ఇంకా రెండు నయాపైసలియ్యి" అన్నాడు. అవ్వ ఇవ్వలేదు. లేక కాదు, "ఎనిమిది అణాలు ఎనిమిది అణాలే గదప్పా" అంది. పట్టీలో యాభై అని ఉందని ఎవరో అంటే, "అది అర్ధరూపాయి బిళ్లకు. విడి అణాలకు ఈ లెక్క" అన్నాడు. అవ్వ ఊరుకోలేదు, ఆయన ఊరుకోలేదు. చివరకు, "ముసలిదానివై ఉండి బస్సులో దొంగతనమా" అన్నాడు. కడ్డీ మీద పావలాతో ఒక దెబ్బ కొట్టాడు. బిళ్లలు అవ్వ ఒళ్లో పడేసి, మూటతో సహా నడిదారిలో దింపేశాడు. చుట్టూ నల్లరేగడి, ఎండ. అవ్వ మూట నెత్తిన పెట్టుకుని ఆదోని దాకా నడిచింది.

అంతటితో అయిపోలేదు. శెట్టి అంగడి గుమాస్తా అదే బస్సులో ఉన్నాడు. ఆదివారం ఎమ్మిగనూరులో వసూళ్లు చూసుకుని సోమవారం ఆ బస్సులో పోవడం ఆయనకు అలవాటు. అవ్వ అంగడి చేరేసరికి ఆయన ముఖం తిప్పుకున్నాడు. తువ్వాళ్లు తీసుకున్నాడు గానీ, "నూలు కావాలంటే ఈసారి నుంచి దుడ్డు పెట్టి తీసుకోమ్మా" అన్నాడు.

శనివారం ఇంటికొస్తే మగ్గం ఆగి ఉంది. నాయన గోడకానుకుని కూర్చున్నాడు. అవ్వ ఏడవలేదు. "నేను దొంగనంట రా" అంది, అంతే. నాకు ఒళ్లంతా మంట పట్టింది. ఆయన నా భుజం మీద వేసిన చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించి భుజం దులుపుకున్నాను. ఆ మనిషి నోటితోనే, ఆ గుమాస్తా ముందరే, అవ్వ పూర్తి చార్జీ ఇచ్చిందని చెప్పించాలి. కొట్టడానికి నాకు బలం లేదు. తిట్టడంలో ఆయన్ని గెలవలేను. ఆయన్ని గెలవగలిగింది చిల్లరలోనే.

ఆదివారమంతా చింతగింజలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. కొత్త దుడ్డు వచ్చాక చదువుకునే పిల్లలకు చార్జీ ముప్పై చేశారు. నేను అర్ధరూపాయి ఇస్తే ఇరవై తిరిగి ఇవ్వాలి. ఆయన ప్రతిసారీ ఒక బేడ, ఒక అణా, ఒక రెండు నయాపైసల బిళ్ల ఇచ్చేవాడు. పన్నెండు, ఆరు, రెండు. మూడు బిళ్లలు. ఎన్నోసార్లు తీసుకుని జేబులో వేసుకున్నాను గానీ ఆలోచించలేదు. సంచి నిండా పది బిళ్లలున్నాయి కదా. రెండు పదులిస్తే రెండు బిళ్లలతో సరిపోతుంది.

అక్కడ పట్టుకున్నాను ఆయన్ని. పాత దుడ్డులో ప్రతి బిళ్లా కిందిదానికి రెండింతలు, అందుకే పెద్దదానితో మొదలుపెడితే ఎప్పుడూ తప్పు రాదు. ఇప్పుడు సంచిలో పన్నెండు పక్కన పది ఉంది. పన్నెండు పదికి రెండింతలు కాదు. రెండు పదులు కలిస్తే అయ్యే ఇరవైకి బిళ్ల కూడా లేదు. కాబట్టి పదిని రెండుసార్లు ఇయ్యాల్సిన చోట్లు వచ్చాయి. ఆయన వేలు మాత్రం బేడ తగలగానే బేడనే ఎత్తుతుంది, ఎత్తాక పదికి చోటుండదు. ఏ మొత్తాల్లో ఆ తప్పు పడుతుందో గింజలతో వెతికి పెట్టుకున్నాను. రాత్రి అవ్వతో, "రేపు నువ్వు నాతో బస్సుకు రావాల" అన్నాను. ఎందుకని అడగలేదు. ఎనిమిది అణాలు కొంగున కట్టుకుంది.

సోమవారం బస్సు నిండుగా ఉంది. గుమాస్తా ఎప్పటిలాగే కిటికీ పక్కన. బస్సు ఊరు దాటాక కండక్టరప్ప టికెట్లు కొడుతూ మా దగ్గరకొచ్చాడు. అవ్వను చూసి ఆగాడు.

"ఏమ్మా, ఈసారైనా సరిగ్గా తెచ్చినావా?"

నేను లేచి నిలబడ్డాను. "అప్పా, టికెట్టు మల్ల కొడుదువు. రూపాయి లోపల ఎంత సెప్పినా, తక్కువ బిళ్లలతో సంచి సూడకుండా ఇస్తావు గదా?"

"ఇస్తా. నీకు తెలీదా?"

"నీకన్నా తక్కువ బిళ్లలతో నేనిస్తే?"

వెనకెవరో నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఇస్తే నువ్వేం సెప్తే అది. ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోతే ఇంక ఈ బస్సెక్కను."

నవ్వు ఆపాడు. ఈ బస్సు తప్ప ఆదోనికి నాకు దారి లేదని ఆయనకు తెలుసు. అవ్వ నా చొక్కా పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు. "నేను గెలిస్తే మా అవ్వ ఆ పొద్దు పూర్తి చార్జీ ఇచ్చిందని ఈ అయ్య ముందర సెప్పాల" అని గుమాస్తాను చూపించాను. గుమాస్తా కిటికీలోంచి తల తిప్పాడు.

"అడుగు" అన్నాడు కండక్టరప్ప.

"ముప్పై ఏడు."

మాట పూర్తి కాకముందే పావలా, బేడ నా అరచేతిలో పడ్డాయి. రెండు బిళ్లలు. అంతకన్నా తక్కువ కుదరదు.

"ముప్పై ఒకటి."

పావలా, అణా. అదీ సరే. ఆయన కనుబొమలు ఎగరేశాడు, ఇదేనా నీ లెక్క అన్నట్టు. జనంలో ఒకాయన, "కూచోప్పా, సదువు పోతాది" అన్నాడు.

"నలబై ఐదు" అన్నాను.

కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. పావలా పడింది. బేడ పడింది. అణా పడింది. చివర రెండు నయాపైసల బిళ్ల. "ఇరవైఐదు, పన్నెండు, ఆరు, రెండు. నలబై ఐదు. సూసుకో, ఒక్కో బిళ్ల ఒక్కసారే."

"నాలుగు బిళ్లలు" అన్నాను, అందరికీ వినపడేటట్టు. పావలా మాత్రం ఉంచుకుని మిగతా మూడూ ఆయన చేతిలో పెట్టేశాను. "పది బిళ్లలు రెండియ్యి."

ఆయన కదల్లేదు. ఆ క్షణంలోనే ఆయనకు అర్థమైందనుకుంటాను, దవడలో లవంగం ఆగిపోయింది. నేను ఇంకోసారి అడిగితే, మొట్టమొదటిసారి సంచిలోకి చూసి రెండు పదులు తీశాడు. పావలా పక్కన వాటిని పెట్టి చెయ్యి పైకెత్తాను. "ఇరవైఐదు, పది, పది. మూడు బిళ్లలు."

"ఒకే బిళ్ల రెండుసార్లు ఇచ్చినావు" అన్నాడు. "అది లెక్క గాదు."

అందుకు జవాబు గుమాస్తా చెప్పాడు. "తక్కువ బిళ్లలని గదా పందెం. రెండుసార్లు ఇయ్యకూడదని యాడుంది? ఓడినావు కండక్టరప్పా."

బస్సు నవ్వింది. ఇంతకాలం ఆయన పల్లెటూరి ఆడవాళ్ల మీద నవ్వించిన నవ్వే, ఆయన మీదకు తిరిగింది. వేరుశనగ మూటల మీద కూర్చున్న ఒకామె అందరికన్నా ఆలస్యంగా ఆపింది. నాకు ఎంత తృప్తిగా ఉందంటే, ఇప్పుడు చెబుతున్నా ఆ తృప్తి నోట్లో తగులుతోంది.

"సెప్పు" అన్నాను.

ఆయన గుమాస్తా వైపు చూడకుండా, "ఆయమ్మ ఇచ్చింది సరిగ్గానే ఉండె" అన్నాడు.

అది చాలు అనుకున్నాను. అవ్వకు చాలలేదు. నన్ను పక్కకు జరిపి, కొంగు ముడి విప్పి, అణా బిళ్లలు ఒక్కొక్కటే ఆయన అరచేతిలో పెట్టడం మొదలుపెట్టింది. మెల్లగా పెట్టింది. ఎనిమిదోది పెట్టి, ఆయన చెయ్యి కింద తన చెయ్యి ఆనించి పట్టుకుంది, ముడుచుకోకుండా.

"ఎంతాయె?"

"యాభై."

"ఆ అయ్యకు ఇనపడల్య."

"యాభై నయాపైసలు. పూర్తి చార్జీ."

"ఆ పొద్దు గూడా ఇదే గదా?"

"ఇదే."

"మరి దొంగ ఎవురు?"

అవ్వ చెయ్యి తియ్యలేదు. బస్సు గుంతల్లో ఊగుతోంది, ఎనిమిది బిళ్లలూ ఆయన అరచేతిలో కదులుతున్నాయి. ఆదోని మిల్లు గొట్టాలు కనిపించేదాకా అట్లాగే పట్టుకుంటుందేమో అనిపించింది. చివరకు గుమాస్తాయే, "ఇడిసిపెట్టమ్మా, నేనిన్నాను. అంగడికి రా, నూలు తీసుకపో. ఎప్పటిమాదిరే" అన్నాడు. అవ్వ అప్పుడు వదిలింది. టికెట్టు అడిగి తీసుకుంది.

ఆ సాయంత్రం నూలు ఇంటికొచ్చింది. మగ్గం ఆడింది.

మర్నాడు మొదలు విడి అణాలను ఆయన నాలుగేసి కలిపి కుప్పగానే ఎంచేవాడని విన్నాను. మంచివాడయ్యాడని నేననుకోలేదు, భయపడ్డాడంతే. మారనిది నా మీద కోపం. ఆ శనివారం బస్సెక్కి అర్ధరూపాయి ఇచ్చాను. ఇరవై తిరిగి రావాలి. ఆయన సంచి అడుగు నుంచి ఒక గుడ్డ మూట తీశాడు. దాన్లో అన్నీ ఒక్క నయాపైసా బిళ్లలే. ఒకటి నా అరచేతిలో పెట్టాడు. ఇంకొకటి పెట్టాడు. నా ముఖం మీద నుంచి కళ్లు తియ్యకుండా, మాట లేకుండా, ఇరవై పెట్టాడు.

ఆ మరుసటి సోమవారమూ అంతే. ఆ పై శనివారమూ అంతే. నా చదువు అయ్యేదాకా ఆ బస్సులో నాకు ఇంకో రకం బిళ్ల దొరకలేదు. నూరు మందికి చిల్లర ఇవ్వాల్సినవాడు, ఎక్కడెక్కడో అడిగి అన్ని ఒకట్లు పోగేసి, గుడ్డలో కట్టి, నా ఒక్కడి కోసం దాచేవాడు. నేనూ తగ్గలేదు. వెనక జనం తోసుకుంటున్నా దారికడ్డంగా నిలబడి, ప్రతిసారీ ఆయన ముందరే మళ్లీ ఎంచేవాణ్ణి. ఒక్కటి తక్కువైతే చాలు, బస్సు ఆపించాలని కాచుకుని ఉండేవాణ్ణి.

ఒక్కసారి కూడా తగ్గించలేదు, పాపాత్ముడు.